ప్రార్థన గంటలో అయిదు నిమిషాలు

ప్రభుత్వ బడిలో హెడ్మాస్టరు పదవీ విరమణ పుట్టినరోజున కాదు, ఆ నెల చివరి రోజున. ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకు, తెలంగాణలో 61కి. ఒకటో తారీఖున పుట్టినవారు మాత్రం అంతకుముందు నెలాఖరుకే దిగిపోవాలి. బడిలో చేర్చుకునేటప్పుడు పంతుళ్లు తోచిన జూన్, జులై తేదీలు రాసేసిన తరం కదా, అందుకే కొత్త తరగతులు మొదలవగానే వీడ్కోళ్లూ మొదలవుతాయి.

శాలువాలు, పొగడ్తలు మధ్యాహ్నం సభకు సరి. పొద్దున ప్రార్థనలో పిల్లలు ఎండలో నిలబడి వింటారు. ఆరో తరగతి వరుస కాళ్లు మార్చుకుంటోందంటే ప్రసంగం ఎక్కువైనట్టే.

నేను విన్న ఒక మాస్టారు పనిచేసిన ఊళ్లన్నీ ఏకరువు పెట్టలేదు. పేర్ల జాబితా కూడా చదవలేదు. అందులో ఒక్క పేరు తప్పినా ఆ లోటే గుర్తుండిపోతుంది. "లెక్క చేయలేదని ఒకణ్ణి బయట నిలబెట్టాను. వాడికి బోర్డు కనిపించదని నెల తర్వాత తెలిసింది. అప్పటినుంచి ఏ తరగతికెళ్లినా ముందు వెనక బెంచీలో కూర్చుని బోర్డు చూసేవాణ్ణి" అన్నారు, అంతే. జనగణమన పాడించి, ఛార్జి అప్పగించే కాగితాల మీద సంతకానికి ఆఫీసు గదిలోకి నడిచారు.