కట్ట విప్పే ముందు

అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఇంగ్లిష్ పరీక్షలో ఒక్కో వ్యాసానికి 6 మార్కులు. వాదానికి 1, ఆధారాలకూ వాటి వివరణకూ కలిపి 4, ఆలోచనలోని లోతుకు 1. వీటిని దిద్దే అధ్యాపకులకు అసలు కట్టకంటే ముందు కొన్ని నమూనా వ్యాసాలు ఇస్తారు. అవి పిల్లలు రాసినవే. అనుభవజ్ఞులు చర్చించి వాటికి ముందే మార్కులు ఖాయం చేసి ఉంచుతారు.

పేచీ వచ్చేది ఆ నాలుగు మార్కుల దగ్గరే.

బడిలో ఫోన్లు వద్దని వాదించే ఒక వ్యాసం ఉందనుకుందాం. మూడు ఉదాహరణలున్నాయి, భాష ముచ్చటగా ఉంది. కొత్తగా దిద్దే టీచరు 4 వేస్తారు. ఖాయం చేసిన మార్కు మాత్రం 3. రెండు ఉదాహరణలు వాదాన్ని ఎలా నిలబెడతాయో పిల్లవాడు విడమరిచాడు, మూడోదాన్ని మాత్రం చెప్పి వదిలేశాడు. భాష అందం ఆ లోటును కప్పేసింది. నియమాలు ఎన్నిసార్లు చదివినా పట్టుబడని ఈ తేడా పక్కపక్కన పెట్టిన రెండు నమూనాలతో ఇట్టే తెలుస్తుంది.

ఒకరి మార్కులు ప్రతిసారీ ఒకటి ఎక్కువైతే అది ఉదారత, సర్దుకోవడం తేలిక. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడుతుంటే కొలత ఇంకా అర్థం కాలేదన్నమాట. అప్పుడు మళ్లీ నమూనాల దగ్గరికే వెళ్లాలి.

కుదిరిన చేయి కూడా మధ్యలో జారుతుంది. వరుసగా నాలుగు మంచి వ్యాసాలు చదివాక మామూలుది మరీ పేలవంగా తోస్తుంది. అందుకే పైవారు మధ్యమధ్య కొన్నిటిని మళ్లీ చదివి సరిచూస్తారు.

ఒకే ప్రశ్నను ఇద్దరు దిద్దాల్సి వచ్చే మన టీచర్లు ముందుగా ఐదు వ్యాసాలకు విడివిడిగా మార్కులు వేసి పోల్చుకోవాలి.