అబార్షన్ మాత్రలు: ఎంత రక్తస్రావం మామూలు? ఎప్పుడు ప్రమాదం?

అబార్షన్ మాత్రలు వేసుకున్నవాళ్లను ఎక్కువగా భయపెట్టేది రక్తస్రావమే. కానీ రక్తం పోతేనే మందు పనిచేస్తున్నట్టు. ఎంత పోతే మామూలో, ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలో ముందే తెలుసుకుని ఉండాలి.

మన దేశంలో డాక్టరు పర్యవేక్షణలో 9 వారాల వరకు ఈ పద్ధతికి అనుమతి ఉంది. చివరి నెలసరి మొదలైన రోజు నుంచి వారాలు లెక్కపెడతారు. ఏడో వారంలో ఉన్న ఒకామె సంగతే తీసుకుందాం. రక్తహీనత ఉందేమో, గర్భం గర్భసంచిలోనే ఉందో లేదో డాక్టరు ముందుగా చూస్తారు. ట్యూబులో నిలిచిన గర్భం ఈ మాత్రలతో పోదు. ట్యూబు పగిలితే ప్రాణానికే ముప్పు.

బుధవారం ఉదయం ఆమె 200 మిల్లీగ్రాముల మిఫెప్రిస్టోన్ మాత్ర ఒకటి మింగుతుంది. గర్భాన్ని నిలిపి ఉంచే ప్రొజెస్టరాన్ హార్మోన్‌ను అది పనిచేయనివ్వదు. ఆ రోజు చాలామందికి ఏ తేడా తెలియదు. కొందరికి కాస్త రక్తం కనిపిస్తుంది. అది చూసి పని అయిపోయిందనుకుని రెండో మందు మానకూడదు.

శుక్రవారం ఉదయం 200 మైక్రోగ్రాముల మిసోప్రోస్టోల్ మాత్రలు నాలుగు వాడాలి. వాటిని చెంపల్లో పెట్టుకోవాలో, యోనిలో పెట్టుకోవాలో డాక్టరు చెబుతారు. ఇది గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు గంటల్లో పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, రక్తస్రావం మొదలవుతాయి. తర్వాతి కొద్ది గంటలు నెలసరి కంటే ఎక్కువే పోతుంది, నిమ్మకాయంత గడ్డలూ పడవచ్చు. చలి, కొద్దిపాటి జ్వరం, వాంతులు, విరేచనాలు ఆ ఒక్క రోజు ఉండి తగ్గిపోతాయి. నొప్పికి ఐబుప్రొఫెన్ వాడవచ్చు. గర్భం పడిపోయాక రక్తం తగ్గుముఖం పడుతుంది. రెండు వారాల పాటు కొద్దికొద్దిగా పోవడం, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు మరకలు కనిపించడం మామూలే.

పెద్ద ప్యాడ్లు గంటకు రెండు చొప్పున వరుసగా రెండు గంటలు పూర్తిగా తడిసిపోతే తెల్లవారేదాకా ఆగకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కళ్లు తిరిగి పడిపోయినా, మందు వేసుకున్నా తగ్గని నొప్పి వచ్చినా అంతే. మిసోప్రోస్టోల్ వాడిన మర్నాటి నుంచి 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా, దుర్వాసనతో స్రావం అవుతున్నా ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. 24 గంటలు గడిచినా రక్తం కనబడకపోతే మందు పనిచేయలేదేమో, గర్భం ట్యూబులో ఉందేమో అని చూడాలి. ఒక పక్కనే పొడిచినట్టు నొప్పి, భుజం నొప్పి ట్యూబు గర్భానికి గుర్తులు.

అంతా బాగున్నట్టనిపించినా రెండు వారాలకు డాక్టరును మళ్లీ కలవాలి. కొందరిలో గర్భం పూర్తిగా పోదు. మూత్ర పరీక్ష మాత్రం కొన్ని వారాలు పాజిటివ్ చూపవచ్చు కాబట్టి దాన్నిబట్టి కంగారు పడనక్కర్లేదు.

అత్యవసరంగా వెళ్లినప్పుడు ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నదీ, గంటకు ఎన్ని ప్యాడ్లు తడిసిందీ దాచకుండా చెప్పాలి. చట్టం అనుమతించినవారికి తప్ప ఆమె వివరాలు ఎవరికీ చెప్పకూడదని 2021లో సవరించిన ఎంటీపీ చట్టం స్పష్టంగా చెబుతోంది.