నరికిన కమ్మీ, మడిచిన కమ్మీ

భిలాయిలో ఏ బడిలో సైన్సు ప్రదర్శన పెట్టినా ఉక్కు మీద ఒక చార్టు ఉండి తీరుతుంది. నా దగ్గర లెక్కలు చెప్పించుకునే కుర్రాడొకడు అలాంటిదే గీసి తెచ్చాడు. 2024లో ఏ దేశం ఎంత ఉక్కు తీసిందో చూపించే బార్ గ్రాఫ్ అది. చైనా సుమారు 100 కోట్ల టన్నులు, భారత్ 15 కోట్లు, జపాన్ 8.4 కోట్లు, అమెరికా 8 కోట్లు, రష్యా 7 కోట్లు. సెంటీమీటరుకు కోటి టన్నులని స్కేలు పెట్టుకున్నాడు. భారత్ కమ్మీ 15 సెంటీమీటర్లతో ఒద్దికగా కుదిరింది. చైనాకి మాత్రం మీటరు కావాలి, అంత పొడుగు డ్రాయింగ్ షీటు లేదు. అందుకని 18 సెంటీమీటర్ల దాకా గీసి, మధ్యలో ఒక మెలికల గీత కొట్టి, నెత్తిన 100 అని రాసేశాడు. ఇదేమిట్రా అంటే, "పాఠ్యపుస్తకంలోనే ఉంది కదా మాస్టారూ, తప్పేంటి?" అన్నాడు.

పుస్తకంలో ఉన్నమాట నిజమే. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి లెక్కల్లో విద్యార్థుల బరువులకి హిస్టోగ్రామ్ గీస్తారు. బరువులు 30.5 కిలోల నుంచి మొదలవుతాయి కాబట్టి, సున్నాకీ దానికీ మధ్య అడ్డగీత మీద చిన్న మెలిక పెడతారు. అక్కడ కోత పడింది ఖాళీ జాగాకి. ఒక్క దిమ్మె ఎత్తు కూడా తగ్గలేదు. మావాడి చార్టులో కోత పడింది కమ్మీకే. ఆ మెలికలో 82 కోట్ల టన్నులు మాయమయ్యాయి. అంటే భారత్ ఏడాది ఉత్పత్తికి అయిదు రెట్లకు పైన, ప్రపంచ ఉక్కులో అయిదింట రెండు వంతుల పైన. చైనా మనకి దాదాపు ఏడు రెట్లు తీస్తే, కంటికి కనిపించేది అయిదో వంతు ఎక్కువ మాత్రమే.

కమ్మీ ఎలా పనిచేస్తుందో చూస్తే ఈ కోత ఎందుకు చెల్లదో తెలుస్తుంది. దీన్ని వాడుకలోకి తెచ్చిన విలియం ప్లేఫేర్ ఒకప్పుడు ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్ దగ్గర నమూనాలు గీసిన మనిషి. 1786లో ఆయన వేసిన పుస్తకంలో బొమ్మలన్నీ దాదాపు కాలంతో పాటు సాగే గీతలే. స్కాట్లాండు వర్తకానికి మాత్రం ఒక్క ఏడాది లెక్కలే దొరికాయి. గీత సాగదీయడానికి ఏళ్లు లేవు కాబట్టి ఒక్కో దేశానికి దిగుమతులకొకటి, ఎగుమతులకొకటి చొప్పున కమ్మీలు గీశాడు. అందులోని సూత్రం ఒక్కటే: అన్నీ సున్నా దగ్గర బయలుదేరాలి, పొడుగే పరిమాణం. రంగు, మందం, పేరు తర్వాతి సంగతి. పొడుగుని కోస్తే ఇక అక్కడ మాట్లాడేది నెత్తిన రాసిన అంకె ఒక్కటే. అంకె చాలనుకుంటే పట్టిక రాసుకోవచ్చు, బొమ్మతో పనేముంది?

మరి మీటరు పొడుగు కమ్మీని ఏం చెయ్యాలి? దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా అందమైన జవాబు 1900లో పారిస్ ప్రదర్శనలో గోడకెక్కింది. అమెరికాలో నల్లవారి జీవితాన్ని లెక్కలతో చూపించడానికి అట్లాంటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్, ఆయన శిష్యులూ కలిసి చేత్తో రంగులేసిన చార్టులవి. అందులో ఒకటి 1890లో జార్జియా రాష్ట్రపు నల్లవారు ఎక్కడెక్కడ నివసిస్తున్నారో చెబుతుంది. పదివేలకు మించిన జనాభా ఉన్న నగరాల్లో 78,139 మంది, అయిదు నుంచి పదివేల ఊళ్లలో 8,025, రెండున్నర నుంచి అయిదు వేల ఊళ్లలో 37,699, పల్లెల్లో 7,34,952. అన్నిటికన్నా చిన్న అంకెకి ఒక సెంటీమీటరు ఇస్తే పల్లెలకి 92 సెంటీమీటర్లు కావాలి. మావాడి చిక్కే అది.

డుబోయిస్ బృందం కత్తిరించలేదు, చుట్టేసింది. పల్లెల లెక్క ఎర్రటి పట్టీగా లోపలికి చుట్టలు చుట్టుకుంటూ పోతుంది. స్కేలు మారలేదు, ఒక్క మనిషీ లెక్కలోంచి తప్పిపోలేదు. చుట్టల్ని చూడగానే, జనమంతా పల్లెల్లోనే ఉన్నారన్న సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

చుట్టలో ఒక లోపం మాత్రం ఉంది. లోపలికి పోయేకొద్దీ ఒక్కో చుట్టు పొడుగు తగ్గుతుంది. చూసేవాళ్లు చుట్లు లెక్కపెడతారు కానీ, బయటి చుట్టు లోపలి దానికన్నా ఎంత పొడుగో కంటితో అంచనా కట్టలేరు. అందుకే మావాడికి చుట్టమని చెప్పలేదు, మడవమన్నాను. కమ్మీల్ని అడ్డంగా తిప్పి, వరస వెడల్పు 20 సెంటీమీటర్లుగా పెట్టుకున్నాం. భారత్ ఒక వరసలో ముప్పావు దాకా వచ్చింది. జపాన్ సగం కూడా రాలేదు. చైనా ఒక వరస నిండి, కిందికి దిగి, మళ్లీ మొదటి నుంచి మొదలై, అలా అయిదు వరసలు నిండింది. వరసలన్నీ ఒకే మందం కాబట్టి పూసిన రంగు కూడా టన్నుల నిష్పత్తిలోనే ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది ఒకచోటే. మడత దగ్గర వరస చివరని కింది వరస మొదటితో సన్నగీతతో కలపాలి, లేకపోతే అయిదు వేరే దేశాలనుకుంటారు.

మడత నచ్చకపోతే రెండు బొమ్మలు గీయొచ్చు. మొదటిదానిలో సెంటీమీటరుకు అయిదు కోట్లు. అందులో చైనా 20 సెంటీమీటర్లు, భారత్ మూడు. అక్కడ అమెరికా, రష్యాల మధ్య తేడా రెండు మిల్లీమీటర్లే. ఆ తేడా చూపించడానికి చైనాని వదిలేసి, సెంటీమీటరుకు కోటి చొప్పున రెండోది. రెండూ సున్నా నుంచే మొదలవ్వాలి, చట్రాలు విడివిడిగా ఉండాలి, స్కేళ్లు పెద్దక్షరాల్లో రాయాలి. 1980ల్లో బెల్ ల్యాబ్స్‌లో గ్రాఫుల మీద పరిశోధించిన విలియం క్లీవ్‌లాండ్ పట్టుబట్టింది కూడా ఇందుకే: స్కేలు తెంచక తప్పకపోతే బొమ్మనే నిలువునా రెండు చట్రాలుగా తెంచెయ్యి, మధ్యలో మెలిక పెట్టి కలిసి ఉన్నట్టు నటించకు.

ఆయనకి అంతకన్నా ఇష్టమైన దారి లాగరిథమ్ స్కేలు. ఇందులో సమాన దూరమంటే సమాన రెట్లు: ఒకటి నుంచి పదికి ఎంతో, పది నుంచి వందకీ అంతే. కానీ ఈ స్కేలుకి సున్నా లేదు కాబట్టి కమ్మీ ఎక్కడ మొదలవ్వాలో మన ఇష్టం. కోటి దగ్గర మొదలుపెడితే చైనా కమ్మీ భారత్‌కి 1.7 రెట్లు, పది లక్షల దగ్గర మొదలుపెడితే 1.4 రెట్లు. మొదలు మార్చితే పొడుగుల నిష్పత్తి మారే కమ్మీని నమ్మేదెలా? అందుకే లాగ్ స్కేలు మీద చుక్కలే పెట్టాలి. చుక్కకి పొడుగు లేదు, చోటే ఉంది. ఏటా సుమారు 70 లక్షల టన్నుల సామర్థ్యమున్న మన భిలాయి కర్మాగారం కూడా చైనాతో పాటు ఒకే కాగితం మీద ఈ పద్ధతిలో తేటగా కనిపిస్తుంది.

తర్వాతి కథ చిన్నదే. కంప్యూటర్లు వచ్చాయి. ఎక్సెల్‌లో అక్షం తెంచే మీట ఇవ్వలేదు. అయినా తెల్ల పెట్టె అతికించి కమ్మీని నరికేవాళ్లు ఆగలేదు. అలాంటి చార్టు ఎదురైతే పట్టుకోవడం సులువు: అంకెల మీద చెయ్యి అడ్డం పెట్టి, పెద్దది చిన్నదానికి ఎన్ని రెట్లో కంటితో చెప్పండి. చెయ్యి తీశాక మీ అంచనా అంకెలకి దగ్గరగా ఉంటే బొమ్మ సరైనదే. మావాడి మొదటి చార్టు చూసి చైనా భారత్‌కి ఒకటింబావు రెట్లకు మించి ఉందని మీరు చెప్పలేరు, మడిచినదాన్ని చూస్తే ఆరేడు రెట్లంటారు.