వాలు గ్రీన్ మీద గురి ఎక్కడ?

గోల్ఫ్‌లో హోల్ చుట్టూ గడ్డిని నున్నగా కత్తిరించిన చోటును గ్రీన్ అంటారు. అక్కడ బంతిని గాల్లోకి లేపరు, పటర్ అనే కర్రతో నేల మీద దొర్లిస్తారు. ఆ దెబ్బ పేరు పట్. గ్రీన్ చాలావరకు ఎటో ఒకవైపు వాలి ఉంటుంది కాబట్టి బంతి తిన్నగా పోదు. వాలు వల్ల దాని దారి పక్కకు వంగడాన్ని బ్రేక్ అంటారు.

గ్రీన్ వాలు వివరాలను గుర్తులతో అచ్చువేసిన పుస్తకాలు పెద్ద పోటీల్లో ఒకప్పుడు ఆటగాళ్ల జేబుల్లో ఉండేవి. 2022 జనవరి నుంచి పీజీఏ టూర్ వాటిని పక్కన పెట్టించింది. ఇప్పుడు వాలును కళ్లతో, అరికాళ్లతో చదవాల్సిందే. మనలాంటి వారాంతపు ఆటగాళ్లకు మొదటి నుంచీ ఉన్న దారి అదే.

ఒక పట్ తీసుకుందాం. హోల్ 10 అడుగుల దూరంలో ఉంది. కుడివైపు ఎత్తు, ఎడమవైపు పల్లం. మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు, అదీ అంతటా ఒకే తీరుగా ఉంది. గ్రీన్ వేగం స్టింప్ 10. అంటే స్టింప్‌మీటర్ (బంతిని ఎప్పుడూ ఒకే వేగంతో వదిలే గాడి ఉన్న పట్టీ) నుంచి జారిన బంతి చదునైన చోట 10 అడుగులు దొర్లి ఆగుతుంది.

బంతి సరిగ్గా హోల్ అంచు దగ్గర ఊపిరి వదిలేలా కొడితే, లెక్క ప్రకారం హోల్‌కు కుడివైపున సుమారు 39 సెంటీమీటర్ల దూరంలో గురి పెట్టాలి. హోల్ లేకపోతే 30 సెంటీమీటర్లు దాటి ఆగేంత వేగంతో కొడితే గురి 30 సెంటీమీటర్లకు తగ్గుతుంది. మీటరు దాటేంత గట్టిగా కొడితే 21 చాలు. వాలు మారలేదు, బంతి దానిమీద గడిపే సమయం మారింది. మొదటి బంతి హోల్ చేరడానికి 3 సెకన్లకు పైగా పడుతుంది, చివరిదానికి 2 సెకన్లు కూడా పట్టదు. అందుకే ముందు వేగం ఎంచుకోవాలి, ఆ తర్వాతే గీత. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

మరి ఏ వేగం? మరీ నెమ్మదిగా వచ్చిన బంతిని హోల్ దగ్గరి చిన్న గతుకు కూడా పక్కకు నెట్టేస్తుంది. మరీ వేగంగా వస్తే అంచు తాకిన బంతి లోపలికి పడేలోపే దాటిపోతుంది, అంటే హోల్ చిన్నదైనట్టే. కాబట్టి 30 సెంటీమీటర్లు దాటే వేగం నడిమధ్య ఎంపిక. కిందికి వాలిన పట్‌కు ఇంకాస్త తగ్గించుకోవడం మంచిది.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. గ్రీన్ చదివేవారు బంతి ఎక్కడి దాకా కుడికి వెళ్లి మలుపు తిరుగుతుందో ఊహించుకుంటారు. ఆ శిఖర బిందువు (దారిలో అన్నిటికన్నా ఎత్తు వైపున్న చోటు) వైపే గురి పెడతారు. మన పట్‌లో అది బంతికి 6 అడుగుల దగ్గర, తిన్నని గీతకు 10 సెంటీమీటర్ల కుడివైపున ఉంటుంది. దాని మీదుగా గీత గీసి హోల్ దాకా పొడిగిస్తే 17 సెంటీమీటర్లు మాత్రమే వస్తుంది, కావలసిందేమో 30. బంతి పటర్‌ను వదిలిన క్షణం నుంచే వంగుతుంది కదా. శిఖరానికి గురి పెడితే ఆ శిఖరం చేరదు, దానికి దిగువగానే పోతుంది. చివరికి హోల్‌కు 13 సెంటీమీటర్ల పల్లం వైపు తప్పుతుంది. హోల్ వెడల్పే 10.8 సెంటీమీటర్లు.

గురి చుక్కను గుర్తించడానికి ముందు పతన రేఖను (హోల్ మీదుగా నేరుగా కిందికి దిగే వాలు గీత) వెతకాలి. హోల్ పక్కన నీళ్లు పోస్తే ఎటు పారతాయో అదే. హోల్ చుట్టూ నడుస్తూ పల్లం వైపు నుంచి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఆ గీత మీద హోల్‌కు ఎగువన మన చుక్క ఉంటుంది. వాలు ఒకే తీరుగా ఉంటే, అంతే దూరం నుంచి హోల్‌కు ఏ పక్కనుంచి పట్ చేసినా చుక్క దాదాపు అక్కడే ఉంటుంది. హెచ్.ఎ. టెంపుల్టన్ 1984లో ‘వెక్టర్ పటింగ్’ పుస్తకంలో ఈ సంగతే వివరించాడు. రెండు మూడు వాలులు కలిసిన గ్రీన్ మీద మాత్రం ఇది నిలవదు. అక్కడ హోల్ దగ్గరి వాలుకు ఎక్కువ విలువ ఇవ్వాలి, ఎందుకంటే నెమ్మదించిన బంతి అక్కడే ఎక్కువ వంగుతుంది.

పట్ తప్పితే తలదించుకొని వెళ్లిపోకుండా బంతి ఎక్కడ ఆగిందో చూడండి. పల్లం వైపు తప్పి, అనుకున్నట్టే 30 సెంటీమీటర్లు దాటి ఆగితే వేగం సరే, గురి తక్కువైంది. హోల్ దాకా రాకుండానే పల్లానికి జారితే గురిని తప్పుపట్టకండి, మెల్లగా కొట్టారు.