ఎస్‌ఓపీలో ఉన్న మీరు, లేఖలోనూ మీరేనా?

అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లాలనుకునే మన పిల్లలు ఎస్‌ఓపీ మీద నెలల తరబడి కూర్చుంటారు. సీనియర్లకు చూపిస్తారు, కన్సల్టెన్సీలో దిద్దిస్తారు, మళ్లీ మొదటి నుంచి రాస్తారు. సిఫారసు లేఖలు, అంటే ఎల్‌ఓఆర్‌లు, మాత్రం చివరి వారంలో గుర్తొస్తాయి. అప్పుడు డిపార్ట్‌మెంట్‌కు పరుగెడితే, పేపర్లు దిద్దుతున్న సార్ తలెత్తకుండానే అనే మాట ఒకటుంది: "డ్రాఫ్ట్ నువ్వే రాసుకురా, చూసి అప్‌లోడ్ చేస్తాలే."

అక్కడే వ్యవహారం చెడుతుంది. విద్యార్థి మూడు లేఖలూ ఒకే రాత్రి, ఒకే గొంతుతో రాస్తాడు. లేదా సార్ తన దగ్గరున్న పాత లేఖలో పేరు మార్చి పంపేస్తారు. అవతల ప్రవేశాల కమిటీలో కూర్చున్న ప్రొఫెసర్ ముందు ఎస్‌ఓపీ, లేఖలు ఒకే ఫైల్లో ఉంటాయి. ఎస్‌ఓపీ ఒక మనిషిని చూపించి, లేఖలు ఇంకొకరిని చూపిస్తే ఆ తేడా ఆయనకు కొన్ని నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

ఈ లేఖల్లో దేనికి విలువ ఉంటుందో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ మోర్ హార్కోల్-బాల్టర్ పీహెచ్‌డీ దరఖాస్తుదారుల కోసం రాసిన మార్గదర్శినిలో నిర్మొహమాటంగా చెప్పారు. 'నా క్లాసులో బాగా చదివాడు' అని మాత్రమే చెప్పే లేఖ ఆమె లెక్కలో లేఖే కాదు. ఆ సంగతి మార్కుల జాబితా ముందే చెప్పేసింది. మార్కుల్లో కనిపించనిది, దగ్గర నుంచి చూసిన మనిషికి మాత్రమే తెలిసినది లేఖలో ఉండాలి. మన కాలేజీల నుంచి వెళ్లే లేఖల్లో చాలా వాటికి లోపించేది అదే.

ఒక ఉదాహరణ కల్పించుకుని చూద్దాం. ఈఈఈ చదివిన అమ్మాయి. రెండో ఏడాది ఎలక్ట్రికల్ మెషీన్స్‌లో తప్పింది, సప్లిమెంటరీలో గట్టెక్కింది. చివరి ఏడాది నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టు ఏమిటంటే, బోరులో నీళ్లు అయిపోతే మోటారు కాలిపోకుండా తనంతట తాను ఆగిపోయే స్టార్టర్. నీళ్లు లేకపోతే మోటారు మీద భారం తగ్గి కరెంటు తగ్గుతుంది. కాబట్టి కరెంటు ఒక హద్దు కంటే తగ్గితే మోటారు ఆపేయాలని మొదట అనుకున్నారు. కానీ వోల్టేజీ మారినా కరెంటు మారుతుంది. డెమో రోజున నీళ్లుండగానే మోటారు ఆగిపోయింది. అప్పుడామె కరెంటుతోపాటు పవర్ ఫ్యాక్టర్‌ను కూడా కొలిచేలా మార్చింది. భారం లేని మోటారులో అది బాగా పడిపోతుంది గనుక గుర్తించడం తేలికైంది. తర్వాత రెండేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలో సర్వర్ల పర్యవేక్షణ.

ఎస్‌ఓపీలో ఆమె పట్టుకున్న దారం ఒకటే: ఒక్క కొలతను నమ్మి నిర్ణయం తీసుకోకూడదని నేర్చుకున్నాను, యంత్రాల లోపాలను ముందే కనిపెట్టే విద్యను లోతుగా చదవాలనుకుంటున్నాను. ఇప్పుడు ఈ మాటకు సాక్షులు కావాలి. ముగ్గురూ మోటారు కథే చెబితే అది వల్లెవేసినట్టుంటుంది. ముగ్గురూ తలో దిక్కు చెబితే దారం తెగిపోతుంది. ఎవరు ఏం కళ్లారా చూశారో దాన్ని వాళ్లకు గుర్తుచేయడమే ఆమె పని.

ప్రాజెక్టు గైడ్‌కు ఆమె ఇచ్చే కాగితం ఇలా ఉండొచ్చు: "సార్, మొదటి డెమోలో మోటారు ఆగిపోయాక మీరు రీడింగులు మళ్లీ తీయమన్నారు. పాతవి పక్కన పెట్టి, వోల్టేజీ మారుస్తూ కొత్తగా తీశాను. కొలతలు, కోడ్ నావి. పీసీబీ, వైరింగ్ మిగతా ముగ్గురివి." చివరి రెండు వాక్యాలూ చాలా ముఖ్యం. ఎస్‌ఓపీలో 'నేను చేశాను' అని ఉండి, గైడ్ లేఖలో 'నలుగురి బృందం చక్కగా పనిచేసింది' అని మాత్రమే ఉంటే చదివేవారికి అనుమానం మొదలవుతుంది.

మెషీన్స్ మేడమ్‌తో మాట్లాడాల్సింది తప్పిన సబ్జెక్టు గురించే. చాలామంది దాన్ని దాచి, మంచి మార్కులిచ్చిన వేరే అధ్యాపకుల దగ్గరకు వెళతారు. అది పొరపాటు. ఎస్‌ఓపీలో తన వైఫల్యం గురించి ఎంత చెప్పుకున్నా సంజాయిషీలాగే ఉంటుంది. 'తప్పిన తర్వాత ల్యాబ్‌కు వచ్చి మొదటి నుంచి ప్రయోగాలు చేసింది' అని మేడమ్ రాస్తే అది సాక్ష్యం. ఇక టీమ్ లీడ్‌కు మోటార్ల సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. సర్వర్లు ఉత్తినే అలారం కొడుతుంటే ఆమె రెండో కొలతతో సరిచూసి అసలు కారణం పట్టుకున్న రోజును ఆయన చెబితే చాలు. ఆయనకు మాత్రం ఒక మాట ముందే చెప్పాలి, ఎందుకు ఉద్యోగం వదిలి చదువుకు వెళుతోందో. లేకపోతే 'భవిష్యత్తులో మంచి మేనేజర్ అవుతుంది' అని ప్రేమగా రాసి ఎస్‌ఓపీకి అడ్డం పడతారు.

కాగితంలో సంఘటనలు ఉండాలి, పొగడ్తలు ఉండకూడదు. విశేషణాలు ఎంచుకోవడం లేఖ రాసేవారి హక్కు. అయితే ఏ విశేషణం ఎలా పనిచేస్తుందో వాళ్లకూ తెలిస్తే మంచిది. అమెరికాలోని ఒక వైద్య కళాశాల అధ్యాపక నియామకాలకు వచ్చిన 300కు పైగా లేఖలను ట్రిక్స్, సెంకా అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 2003లో ప్రచురించారు. మహిళల గురించిన లేఖలు సగటున పొట్టిగా ఉన్నాయని, వాటిలో కష్టపడే తత్వాన్ని మెచ్చుకునే మాటలు ఎక్కువని తేలింది. మన దగ్గర ఆడపిల్లలకు రాసే లేఖల్లోనూ 'సిన్సియర్', 'హార్డ్‌వర్కింగ్' అనేవి ముందే వచ్చి కూర్చుంటాయి. సంఘటన చేతిలో ఉంటే వాటి అవసరం తగ్గుతుంది.

మరి 'డ్రాఫ్ట్ నువ్వే రాసుకురా' అన్న సార్‌కు ఏం చెప్పాలి? "సార్, పాయింట్లు రాసి ఇస్తాను. మీకు గుర్తున్నట్టు మీ మాటల్లో రాయండి, ఒక పావుగంట ఇస్తే చాలు" అంటే చాలామంది కాదనరు. పదుల సంఖ్యలో లేఖలు రాయాల్సిన మనిషికి ఒక పేజీ పాయింట్లు నిజంగా సాయమే. అసలు అడిగేటప్పుడే "నా గురించి గట్టిగా రాయగలరా, వీలుకాకపోతే పర్వాలేదు సార్" అని తప్పుకునే దారి కూడా ఇవ్వాలి. పేరు కూడా సరిగా గుర్తులేని హెచ్‌ఓడీ లేఖ కంటే రోజూ ల్యాబ్‌లో చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ లేఖే మేలు.

ఇచ్చిన పాయింట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మూడు కాగితాల మీదా పేర్లు మూసేసి చదవండి. ఏది ఎవరికో మీకే తెలియకపోతే మళ్లీ రాయాలి. లేఖ వచ్చాక చూద్దాంలే అనుకోవడానికి వీలుండదు. సాధారణంగా విద్యార్థి తన దరఖాస్తులో లేఖకుడి అధికారిక మెయిల్ ఇస్తే, విశ్వవిద్యాలయం నేరుగా వారికే లింక్ పంపుతుంది. ఫెర్పా అనే 1974 నాటి అమెరికా చట్టం, చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసే హక్కు ఇస్తుంది. లేఖల విషయంలో ఆ హక్కు వదులుకుంటారా అని దరఖాస్తులోనే అడుగుతారు. వదులుకుంటేనే లేఖకుడు స్వేచ్ఛగా రాశాడన్న నమ్మకం కలుగుతుంది కాబట్టి ఎక్కువమంది వదులుకుంటారు.

చాలా విశ్వవిద్యాలయాల గడువు డిసెంబరులోనే ఉంటుంది, మన కాలేజీల్లో సెమిస్టర్ పరీక్షల హడావుడీ దాదాపు అప్పుడే. కాగితాలు అక్టోబరులోనే చేతికివ్వండి, గడువుకు వారం ముందు ఒక్కసారి గుర్తుచేయండి. ఈలోగా ఎస్‌ఓపీ మార్చి ఉంటే, కొత్త ప్రతిని ముగ్గురికీ పంపడం మరిచిపోకండి.