ముందుతోలు కింద మానని పుండు

ఆ చోట మంట పుట్టినా, ఎర్రబడినా, పుండు లేచినా మగవాళ్ళ నోట ముందు వచ్చే మాట ‘వేడి చేసింది’. మజ్జిగతో, సబ్జా గింజలతో కొన్నాళ్ళు గడుస్తాయి. ఆ తర్వాత మెడికల్ షాపులో ఒక ట్యూబు కొంటారు. చాలామందికి తగ్గిపోతుంది కూడా, ఎందుకంటే అక్కడ వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఫంగస్సో, చర్మపు వాపో. తగ్గని కొద్దిమందిలో పురుషాంగ క్యాన్సర్ ఉండొచ్చు. అరుదైన జబ్బే. కానీ దాన్ని ఎప్పుడు పట్టుకున్నామన్నదాన్ని బట్టే ఎంత అంగం మిగులుతుందో తేలుతుంది.

యాభై అయిదేళ్ళ మనిషి ఒకాయన ఉన్నాడనుకుందాం. పదేళ్ళుగా షుగరు. మూత్రంలో పోయే చక్కెర వల్ల ముందుతోలు కింద ఫంగస్ చేరి, అంచు పగిలి, మానిన ప్రతిసారీ మచ్చ కట్టి మరికాస్త బిగుసుకుంది. ఇప్పుడు తోలు వెనక్కి రాదు. (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు చక్కెరను మూత్రంలోకే పంపేస్తాయి కాబట్టి, అవి వాడేవారికి ఈ ఫంగస్ బెడద ఇంకా ఎక్కువ.) కొన్ని నెలలుగా తోలు కింద నుంచి వాసన, పసుపుపచ్చ స్రావం, అప్పుడప్పుడు లోదుస్తుకి రక్తపు మరక. పైనుంచి నొక్కితే ఒకచోట గట్టిగా తగులుతోంది. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేదు కదా అనే ఆయన ఆగాడు.

షాపులో ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు స్టీరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. ఎరుపూ దురదా నాలుగు రోజుల్లో అణుగుతాయి, కింద గట్టిపడినది అలాగే పెరుగుతుంది. ‘తగ్గింది, మళ్ళీ వచ్చింది’ అనుకుంటూనే ఏడాది దాటిపోతుంది.

యూరాలజిస్టు దగ్గర ముందు జరిగేది చేతి పరీక్ష: గట్టిదనం ఎంతవరకు ఉంది, గజ్జల్లో బిళ్ళలు కట్టాయా అని. రక్తంలో సిఫిలిస్ పరీక్ష కూడా చేయిస్తారు. ఆ జబ్బులో మొదటి పుండు కూడా గట్టిగా, నొప్పి లేకుండానే ఉంటుంది. అయితే మందు వేయకపోయినా అది కొన్ని వారాల్లో మానుతుంది. హెర్పిస్ అయితే నీటిపొక్కులతో మంట పెట్టి, రెండు మూడు వారాల్లో ఆరిపోతుంది. సరైన మందు వాడినా మూడు నాలుగు వారాలు దాటి నిలిచిన పుండుకు బయాప్సీ చేయాల్సిందే. చేతికి గడ్డలా తగిలినదానికి అంత గడువు కూడా ఇవ్వనక్కర్లేదు.

తోలు వెనక్కి రానప్పుడు లోపల ఏముందో పైనుంచి ఎవరికీ తెలియదు. మత్తు సూది ఇచ్చి తోలును పైవైపు చీల్చో, సుంతీ చేసో చూడాలి. తీసిన తోలును పారేయకుండా ల్యాబుకు పంపారా అని తప్పక అడగండి, రిపోర్టు చేతికి తీసుకోండి. ఇంకో సంగతి. పుండు పైపైన గీకి తీసిన ముక్కలో ఒక్కోసారి వాపు మాత్రమే కనిపిస్తుంది. అంచు నుంచి, కాస్త లోతుగా తీయాలి. రిపోర్టు మామూలుగా వచ్చినా పుండు మానకపోతే మళ్ళీ ముక్క తీయాల్సిందే. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన దగ్గర గట్టిగానే ఉంది. దానికి ఆధారం లేదు.

‘ఎక్కడికి వెళ్ళాడో’ అన్న అనుమానమే మనిషిని ఆసుపత్రి గడప తొక్కనివ్వదు. ఈ క్యాన్సర్లలో సుమారు సగం హెచ్‌పీవీ వైరస్‌తో ముడిపడినవి. అది ఎన్నో ఏళ్ళ కిందట అంటుకున్నదైనా కావచ్చు. మిగతావాటి వెనక ఎక్కువగా కనిపించేది బిగుసుకున్న తోలు, ఏళ్ళ తరబడి నిలిచిన వాపు, తెల్లమచ్చలు కట్టే లైకెన్ స్క్లెరోసస్. పొగాకు ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది.

జబ్బు ఇంకా పైపొరలోనే ఉంటే 5-ఫ్లోరోయురాసిల్ క్రీమో, లేజరో సరిపోవచ్చు. ముందుతోలుకే పరిమితమైతే సుంతీతోనే చాలామందికి అయిపోతుంది. ముందుభాగం పైచర్మం పాడైతే దాన్ని తీసి తొడ చర్మం అతికిస్తారు. ఒకప్పుడు గడ్డ చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి కండ కూడా కోసేసేవారు, ఇప్పుడు కొన్ని మిల్లీమీటర్లు చాలంటున్నారు. లోతుకు దిగితే మాత్రం అంగంలో కొంత భాగమో, మొత్తమో పోతుంది.

ఈ క్యాన్సర్ ముందుగా పాకేది గజ్జలకే. చేతికి ఏ బిళ్ళా తగలని వాళ్ళలో కూడా సుమారు అయిదుగురిలో ఒకరికి అక్కడ క్యాన్సర్ కణాలు చేరి ఉండొచ్చు. అందుకే గడ్డ లోతును, రకాన్ని బట్టి, అంగం బాగున్నా గజ్జల్లోని గ్రంథులను తీసి చూస్తారు. బిళ్ళ తగిలితే, అది పుండు చీము వల్లే వచ్చిందేమోనని యాంటీబయాటిక్ ఇచ్చి వారాలు చూడటం పాత పద్ధతి. ఇప్పుడైతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో కణాలు తీసి పరీక్షకు పంపుతారు.