డెంగీ వార్డులో ఉన్న స్నేహితురాలికి ఏం రాయాలి?

స్నేహితురాలి ఐదేళ్ల కొడుకును డెంగీతో ఆసుపత్రిలో చేర్చారని తెలిస్తే, మనలో చాలామంది ముందుగా పంపే మెసేజ్ "ప్లేట్‌లెట్లు ఎంత?" అనే. ఆ తరువాత "ఏమైనా కావాలంటే చెప్పు" అంటాం. మొదటిది ఆ తల్లి భయాన్ని పెంచుతుంది. రెండోది, ఏం కావాలో ఆలోచించే పనిని కూడా ఆమె మీదే పెడుతుంది. రాత్రంతా మంచం పక్కన కూర్చున్న మనిషికి ఆ ఆలోచించే ఓపికే ఉండదు. అందుకని మనం చేయబోయే పనిని మనమే తేల్చుకుని ఇలా రాయాలి:

"బాబును చేర్చారని తెలిసింది. నువ్వు జవాబు రాయక్కర్లేదు. పెద్దమ్మాయిని నాలుగింటికి స్కూల్ నుంచి నేను తీసుకొస్తాను, రాత్రికి మా ఇంట్లోనే పడుకుంటుంది. నేను వస్తున్నానని స్కూల్‌కి మాత్రం ఒక్క ఫోన్ చెయ్యి. ఎనిమిదింటికి మీ ఆయన్ని గేటు దగ్గరికి పంపు. ఇడ్లీలు, ఫ్లాస్కు, పొడుగు వైరున్న ఛార్జరు ఇస్తాను. నేను పైకి రాను. వాడిని పడుకోనివ్వు."

ఇందులో ధైర్యం చెప్పే మాట ఒక్కటీ లేదు. అయినా చదివాక ఆమెకు ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది. పైకి రానని చెప్పడమూ సాయమే. పిల్లల వార్డుల్లో సాధారణంగా ఒక్కరినే ఉండనిస్తారు, చూడవచ్చినవాళ్లకు మర్యాదలు చేసే స్థితిలో తల్లి ఉండదు.

రెండో మెసేజ్ రాసేముందు డెంగీ నడక కొంత తెలిసి ఉండాలి. జ్వరం మొదలైన మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య ఒళ్లు చల్లబడుతుంది. "జ్వరం తగ్గిందిగా, ఇంకేం భయం లేదు" అని మనం రాసేది సరిగ్గా అప్పుడే. నిజానికి డాక్టర్లు ఎక్కువ జాగ్రత్తగా చూసేది ఆ తరువాతి 24 నుంచి 48 గంటలు. కొందరు పిల్లల్లో రక్తంలోని ద్రవం సన్నటి నాళాల గోడల నుంచి బయటికి ఊరిపోతుంది. నాడి, బీపీ, మూత్రం, రక్తం చిక్కదనం చెప్పే పీసీవీ పరీక్ష పదే పదే చూసేది అందుకే. సెలైన్ ఎంత ఎక్కించాలన్నదీ వాటిని బట్టే ఉంటుంది. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి బిడ్డ ఎలా ఉన్నాడో చెప్పలేం. రక్తస్రావం లేకపోతే, అంకె బాగా పడిపోతే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించే అవసరం సాధారణంగా రాదు.

కాబట్టి జ్వరం దిగిన రోజు ఇలా రాయవచ్చు: "జ్వరం దిగాక కూడా ఒకటి రెండు రోజులు దగ్గరుండి చూస్తారు. పదే పదే రక్తం తీస్తున్నారని కంగారు పడకు. వాడు ఎంత తాగాడో, ఎన్నిసార్లు ఒంటికి వెళ్లాడో రాసుకోవడానికి చిన్న పుస్తకం, పెన్ను పంపుతున్నాను. రక్తదాతలు కావాలని డాక్టరు గారు అంటే అప్పుడు చెప్పు, ఇద్దరితో మాట్లాడి ఉంచాను." ఆ పుస్తకం నర్సులకూ పనికొస్తుంది, తల్లి చేతులకూ ఒక పని ఇస్తుంది. డాక్టరు అడగకముందే గ్రూపుల్లో రక్తం కోసం మెసేజ్‌లు తిప్పితే ఆమె ఫోను ఆగకుండా మోగుతుంది తప్ప బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

ఫోన్లో మాట్లాడుతుండగా బాబు కడుపు నొప్పని ఏడుస్తున్నాడనో, వాంతులు ఆగట్లేదనో, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందనో, చేతులు చల్లబడి మత్తుగా పడుకున్నాడనో ఆమె అంటే ఓదార్చుతూ కూర్చోకూడదు. "ఫోన్ పెట్టేసి ఇప్పుడే నర్సును పిలువు" అనాలి. బొప్పాయి ఆకు రసం మాత్రం పంపవద్దు. అసలే వాంతులతో ఉన్న పిల్లాడి పొట్ట దానితో ఇంకా చెడుతుంది. ఇంట్లో మిగిలిన నొప్పి మాత్రలూ వద్దు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి.

కాగితాల పని తండ్రి నెత్తిన పడుతుంది. బీమా ఉంటే కంపెనీకి త్వరగా తెలపాలి. అత్యవసరంగా చేరినప్పుడు చాలా పాలసీలు 24 గంటలే గడువిస్తాయి. పాలసీ కార్డు, బాబు ఆధార్ వాళ్లింట్లో ఉంటే మనం వెళ్లి ఫోటో తీసి పంపవచ్చు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మనమే అడిగి రావచ్చు.

తాళం చెవి చేతికొచ్చింది కాబట్టి ఇంకో పని కూడా చేసి రండి. కూలర్, పూలకుండీల కింది పళ్లాలు, మూతలేని డ్రమ్ములు ఖాళీ చేసి, లోపలి గోడలు బ్రష్‌తో రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు ఆ గోడలకే అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. వేరే రకం రెండోసారి సోకితే జబ్బు మరింత తీవ్రంగా వచ్చే ప్రమాదం ఉంది. బాబు ఇంటికి తిరిగొచ్చేలోపే ఆ నీళ్లు తీసేయండి.